ఆపా తెచ్చిన ప్లెయింటు, తర్కాలో ఏడో వంతు

మన ఇళ్లలో బట్వారా మాట ఎత్తితే ముందు అలకలు, ఆ తర్వాత రెండేళ్లు ఈద్‌కి రాకపోకలు బంద్, చివరికి ఎవరో ఒకరు వకీలు దగ్గరికి. నేను అనకాపల్లి కోర్టుల్లో చాలాకాలంగా సివిల్ దావాలు రాసుకుంటున్నవాణ్ణి. కాబట్టి రిష్తేదారుల్లో ఆ చివరి మెట్టు తరచూ మా ఇంటి గడపే అవుతుంది. మా ఖాలా పెద్దకూతురు, నేను ఆపా అని పిలిచే ఆవిడ, వేరే ఊళ్లో ఎవరితోనో రాయించిన ప్లెయింటు పట్టుకొచ్చినప్పుడు జరిగిన సంగతి ఆవిడ ఇజాజత్‌తోనే రాస్తున్నాను. కొలతలు, కొన్ని ఆనవాళ్లు మార్చాను. లెక్క మాత్రం అసలుదే.

ఆ కాగితంలో రెండో పేరా ఇలా ఉంది: వాది, ప్రతివాదులు ఉమ్మడి కుటుంబ సభ్యులు, షెడ్యూలు ఆస్తులు వారి ఉమ్మడి కుటుంబ పిత్రార్జితం, వాదికి పుట్టుకతో అయిదో వంతు హక్కు ఉంది. పేర్లు తీసేసి చదివితే హిందువుల ఇంటి దావా అనుకుంటారు. ఎవరి పాత ప్లెయింటులోనో పేర్లు మార్చి టైపు చేసిందని చూడగానే తెలిసిపోతుంది.

మనకి ఉమ్మడి కుటుంబం అనే చట్టం లేదు. ఒకే కప్పు కింద నలభై ఏళ్లు వండుకు తిన్నా లేదు. తండ్రి బతికున్నంత కాలం ఆస్తి తండ్రిదే. కొడుక్కి గాని కూతురికి గాని పుట్టుకతో వచ్చే హిస్సా ఏమీ ఉండదు. ఆయన ఇంతెకాల్ అయిన క్షణాన కఫన్ దఫన్ ఖర్చు, కర్జ్, వసియ్యత్ ఏదైనా ఉంటే మూడో వంతు దాటకుండా అది, ఇవన్నీ పోను మిగిలిన తర్కా వారసులకి ఎవరి వంతు వాళ్లకి తెగి పడుతుంది. గోడ కట్టలేదు, హద్దు రాయి పాతలేదు, అంతే. కనుక మన దావాలో అడిగేది ‘ఉమ్మడి నుంచి నన్ను విడదీయండి’ అని కాదు, ‘ఇప్పటికే నాదైన వంతు ఎక్కడుందో కొలిచి ఇవ్వండి’ అని. ప్లెయింటులో ‘ఉమ్మడి కుటుంబం’ కొట్టేసి ‘సహ హక్కుదారులు’ అని రాశాను. ‘పిత్రార్జితం’ కొట్టేసి ‘మర్హూమ్ ఫలానా వారి తర్కా’ అని రాశాను. కోర్టు తెలుగులో దావా, వకాల్తా, దస్తావేజు, జప్తు, అన్నీ మన మాటలే. అసలు అవసరమైన చోటే ఆ రాసినాయనకి మన మాట గుర్తురాలేదు!

అయిదో వంతు దగ్గర ఆపా ఒప్పుకోలేదు. “మా పక్కింటి సుబ్బలక్ష్మి గారికి అన్నతో సమానంగా వచ్చింది కదా, నాకెందుకు రాదు?” అంది. అడగవలసిన మాటే. కానీ సుబ్బలక్ష్మి గారికి వచ్చింది హిందూ వారసత్వ చట్టం 2005 సవరణ వల్ల. మన వారసత్వానికి 1937 షరియత్ చట్టం. దాని రెండో సెక్షన్‌లో వ్యవసాయ భూమిని మినహాయించారని కొందరు భాయ్‌లు చెల్లెళ్ల నోరు మూయిస్తుంటారు, “పొలంలో మీకు హక్ లేదు” అని. ఆ మినహాయింపు మన ప్రాంతంలో లేదు. అనకాపల్లి మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1949లో, మద్రాసు శాసనం దాన్ని తీసేసింది. అందుకే ఇంట్లో ఎంత వంతో పొలంలోనూ అంతే వంతు. ఈ ఒక్క వాక్యం ప్లెయింటులో ఉండాలని నేను పట్టుబడతాను, ఎదుటివాళ్లు జవాబులో వేసే మొదటి రాయి అదే కనుక.

ఇక హిస్సాల లెక్క. ఖాలూ 2011లో పోయారు. ఆయన అమ్మా నాన్నా అంతకుముందే పోయారు. ఇది రాయడం మరిచిపోకూడదు, వాళ్లలో ఎవరున్నా చెరి ఆరో వంతు పోతుంది, లెక్కంతా తిరగబడుతుంది. ఖాలూకి మిగిలింది బేవా అయిన ఖాలా, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. పిల్లలున్నారు కాబట్టి ఖాలాకి ఎనిమిదో వంతు. మిగిలిన ఏడు ఎనిమిదో వంతుల్లో కొడుక్కి రెండు, కూతురికి ఒకటి చొప్పున. రెండు రెండ్లు నాలుగు, మూడు ఒకట్లు మూడు, మొత్తం ఏడు. అంటే ఒక్కో కొడుక్కి ఎనిమిదింట రెండు, ఒక్కో కూతురికి ఎనిమిదింట ఒకటి. పాత ప్లెయింటు ఇక్కడిదాకా కూడా రాలేదనుకోండి. కానీ వచ్చి ఆగిపోయినా సరిపోయేది కాదు, ఎందుకంటే ఖాలా 2019లో పోయింది.

పంపకం జరగకుండానే వారసుల్లో ఒకరు పోతే మన ఉలమా దాన్ని మునాసఖా అంటారు. ఖాలా ఎనిమిదో వంతు మళ్లీ పంచాలి. ఆవిడ వాలిదైన్ కూడా ముందే పోయారు, భర్త లేడు. కాబట్టి అదీ ఆ అయిదుగురికే, మళ్లీ ఏడు పాళ్లుగా. ఎనిమిదిని ఏడుతో హెచ్చిస్తే యాభై ఆరు. ఆపాకి తండ్రి నుంచి యాభై ఆరింట ఏడు, తల్లి నుంచి ఒకటి, మొత్తం ఎనిమిది. అంటే సరిగ్గా ఏడో వంతు. ఒక్కో భాయ్‌కి తండ్రి నుంచి పద్నాలుగు, తల్లి నుంచి రెండు, మొత్తం పదహారు, అంటే ఏడింట రెండు. కూడి చూడండి: ఇద్దరు భాయ్‌లకి నాలుగు, ముగ్గురు చెల్లెళ్లకి మూడు, ఏడుకి ఏడు. కూడిక ఒకటికి రాకపోతే ఎక్కడో ఒక వారసుడు జారిపోయాడని అర్థం. ప్లెయింటుకి షజ్రా జతచేసి, ఎవరు ఏ తేదీన పోయారో పక్కనే రాశాను. అంకెలు వరసగా ఎందుకొచ్చాయో జడ్జి గారికి ఆ చెట్టే చెప్పాలి.

ఆస్తుల షెడ్యూలులో మూడు ఐటములు రాసుకొచ్చారు. మొదటిది గవరపాలెం వైపు 210 చదరపు గజాల్లో ఇల్లు. రెండోది కశింకోట దగ్గర 2 ఎకరాల 80 సెంట్ల చెరుకు పొలం. మూడోది బజారులో దుకాణం. షెడ్యూలు అనేది అలంకారం కాదు. స్థలాన్ని హద్దులతోనో సర్వే నంబరుతోనో గుర్తుపట్టేలా రాయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 3 అంటుంది. రేపు కమిషనర్ గొలుసు పట్టుకుని పొలంలో దిగేది ఈ కాగితాన్ని నమ్మే. ఖాలూ దస్తావేజు ‘విశాఖపట్నం జిల్లా, అనకాపల్లి తాలూకా’ అంటుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి మనది అనకాపల్లి జిల్లా. రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు పోయి ఎల్‌పి నంబరు వచ్చింది. దస్తావేజులో ఒక నంబరు, 1-బిలో ఇంకొకటి ఉంటే రెండు వేర్వేరు పొలాలని వాదించే మనిషి తప్పకుండా పుడతాడు. పాతది రాసి, ‘ప్రస్తుతం ఇది’ అని కొత్తదీ రాయడమే మందు. నాలుగు హద్దుల్లో కూడా దస్తావేజులోని పేరు, ఇప్పుడు పక్కన సాగు చేస్తున్న వారి పేరు, రెండూ ఉండాలి.

దుకాణం దగ్గర ఆపా కళ్లు చెమ్మగిల్లాయి. అది 1998లో పెద్ద భాయ్ పేర కొన్నారు. “డబ్బు అబ్బా ఇచ్చింది భాయ్, అమ్మీ గాజులు అమ్మి మరీ ఇచ్చారు. నేను కళ్లారా చూశాను.” నేను నమ్మాను. కానీ నేను నమ్మడం వేరు, కోర్టులో నిలబడడం వేరు. హిందూ ఉమ్మడి కుటుంబంలోనైతే ఉమ్మడి సొమ్ము ఉందని చూపి, ఒకరి పేర ఉన్నదాన్ని కూడా కలిపే దారి ఉంది. మనకి ఆ దారి లేదు. కొడుకు పేర దస్తావేజు ఉంటే అది కొడుకుదే. డబ్బు తండ్రిదని వాదిస్తే 1988 బినామీ చట్టం అడ్డం నిలుస్తుంది. బలహీనమైన ఐటమ్ ఒకటి షెడ్యూలులో ఉంటే ఎదుటి వకీలు మూడేళ్లు దాని చుట్టూనే తిప్పుతాడు, తకరారు లేని పొలం కూడా దాంతోపాటు ఆగుతుంది. మూడో ఐటమ్ తీసేయమన్నాను. ఆపా ఒక రోజు గడువడిగి, మర్నాడు ఫోన్ చేసి తీసేయమంది.

స్వాధీనం గురించిన పేరా ఇంకో మెలిక. పాత కాగితంలో ఒకచోట ‘వాది ఉమ్మడి స్వాధీనంలో ఉంది’ అనీ, రెండు పేరాల కింద ‘ప్రతివాదులు వాదిని పూర్తిగా వెళ్లగొట్టారు’ అనీ ఉంది. మన రాష్ట్ర 1956 కోర్టు ఫీజుల చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి స్వాధీనంలో ఉన్న వాదికి చిన్న స్థిరమైన ఫీజు, బయటికి నెట్టేసిన వాదికి తన వాటా మార్కెట్ విలువ మీద ఫీజు. ఫీజు తగ్గుతుందని మొదటి మాట, జాలి పుడుతుందని రెండో మాట రాసినట్టున్నారు. రెండూ కలిసి బతకవు. నిజం ఏమిటని అడిగాను. పొలం చిన్న భాయ్ చేస్తున్నాడు, ఏటా పంట తీశాక ఆపాకి బెల్లం దిమ్మలు, రెండు బస్తాల బియ్యం పంపేవాడు, నోటీసు అందాకే ఆపాడు. సహ హక్కుదారు ఒకరి కబ్జా అందరి కబ్జాయే, నీకు హక్ లేదని బాహాటంగా చెప్పి పన్నెండేళ్లు గడిస్తే తప్ప. ఆ బెల్లం దిమ్మలే ఆపాకి దస్తావేజు. ఏ సంవత్సరం ఎవరి చేత పంపాడో గుర్తున్నంతవరకు రాయించాను.

ఇంకో చిక్కు, చిన్న చెల్లెలు. ఆమెకి భాయ్‌ల మీద దావా వేయడం ఇష్టం లేదు. ఇష్టం లేకపోయినా ఆమె పేరు ఉండి తీరాలి, ఒక్క వారసురాలిని వదిలినా దావా కుంటుతుంది. అందుకని ఆమెని మూడో ప్రతివాదిగా చేర్చాం. ఖాలూ బతికుండగానే పుట్టింటి నుంచి ఏమీ అడగనని ఆమె చేత కాగితం రాయించుకున్నామని భాయ్‌లు చెబుతున్నారు. తండ్రి బతికుండగా వారసత్వం ఆశ మాత్రమే, ఆశని వదులుకోవడం చెల్లదు. అయితే ప్రతిఫలం తీసుకుని రాసిచ్చి, దాన్ని నమ్మి తండ్రి ఏర్పాట్లు చేసుకుంటే తర్వాత ఆ మాట తప్పే వీలు ఉండకపోవచ్చని గులాం అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు 1973లో చెప్పింది. ఆమె ఏమైనా తీసుకుందా లేదా అన్నది ఆమే వచ్చి చెప్పాలి. ఆపా ఏడో వంతు దాంతో పెరగదు, తరగదు.

పొలంలో ఆపాకి 40 సెంట్లు వస్తుంది, కొలిచి ఇవ్వొచ్చు. ఇంట్లో 30 గజాలు. ఆ ఇంటిని అయిదుగురికి కోస్తే ఎవరికీ గది మిగలదు. ఇలాంటప్పుడు అమ్మి డబ్బు పంచమని 1893 పార్టిషన్ చట్టం కింద అడగొచ్చు, కానీ అడిగేవాళ్ల వాటాలు కలిపి సగానికి తగ్గకూడదు. ముగ్గురు చెల్లెళ్లూ కలిసినా ఏడింట మూడే. ఒక భాయ్ కలిస్తేనే సగం దాటుతుంది. అలా అడిగితే మిగతావాళ్లు కోర్టు కట్టిన ధరకి ఆ వాటాలు కొనుక్కోవచ్చు కూడా. ఇది వినగానే ఆపా, “చిన్న భాయ్‌కి ఊళ్లో వేరే ఇల్లుంది. వాడికి ఇల్లు కాదు, డబ్బే కావాలి” అంది. అందుకే ప్లెయింటులో చిన్న భాయ్ మీద ఉన్న నాలుగు ఘాటు వాక్యాలు తీయించింది. హిస్సాకి అవి అక్కర్లేనివే.

కోరికల పేరాలో చివరికి మూడే మిగిలాయి: ఏడో వంతుకి ప్రిలిమినరీ డిక్రీ, కమిషనర్ ద్వారా కొలిచి స్వాధీనం, అప్పటిదాకా పొలం మీద వచ్చిన ఆదాయంలో ఆపా వంతు లెక్క. దావాకి నంబరు పడింది. సమన్లు పెద్ద భాయ్, చిన్న చెల్లెలు తీసుకున్నారు. చిన్న భాయ్‌ది తలుపుకి అంటించి వచ్చారు, ఆ సాయంత్రమే అతను ఆపాకి ఫోన్ చేసి ఇంటి ధర ఎంత కడతారని అడిగాడట.