రిహార్సల్ రెండు రోజుల ముందే

మా న్యూజెర్సీ ఆఫీసులో గురువారం పెద్ద క్లయింట్‌కి ప్రెజెంటేషన్ ఉందంటే రిహార్సల్ మంగళవారమే పెట్టిస్తాను. బుధవారం పెడితే తప్పులు తెలుస్తాయి గానీ దిద్దుకునే వ్యవధి ఉండదు. టైమ్ ఉదయం 9 గంటలు. హైదరాబాద్‌లో అప్పటికి సాయంత్రం 6:30. నవంబరులో ఇక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక అక్కడ 7:30 అవుతుంది. ఆ వారం అక్కడి నుంచి ఎవరో ఒకరు గంట ముందే కాల్‌లోకి వచ్చి కూర్చుంటారు, పాపం.

మొన్నటిది ఒక బీమా కంపెనీ వాళ్ల క్లెయిముల సాఫ్ట్‌వేర్ మార్చే పని. వాళ్లు ఇచ్చింది గంట. అందులో పరిచయాలకు 5 నిమిషాలు పోతాయి, ప్రశ్నలకు 15 వదలాలి. మిగిలిన 40లో వాళ్ల సమస్య గురించి మా మేనేజర్‌కి 8, పరిష్కారం చెప్పడానికి నాకు 12, హైదరాబాద్ కుర్రాడి డెమోకి 12, ఖర్చూ గడువులూ చెప్పే ఆవిడకి 8 పంచాం.

వీళ్లు కాక ఇంకో ఇద్దరు కావాలి: క్లయింట్ వేషానికి ఒకరు, టైమ్ చూడడానికి ఒకరు. క్లయింట్ వేషం వేసేవాళ్లకి ప్రాజెక్టుతో సంబంధం ఉండకూడదు. తెలిసినవాళ్లు తెలియనట్టు అడగలేరు. టైమ్ చూసే పని మామూలుగా జూనియర్ మీద పడుతుంది. మన పిల్లలేమో మేనేజర్ మాట్లాడుతుంటే ఆపరు. అందుకే గది వెనక నిలబడి, పెద్ద కాగితం మీద ‘2’ అని రాసి చూపించమన్నాను. రెండే నిమిషాలున్నాయని నోరు తెరిచి చెప్పక్కర్లేదు.

మొదటిసారి ఏం జరిగినా మధ్యలో ఆపలేదు. డెమో 19 నిమిషాలు పట్టింది. జూనియర్ టైములు రాసుకున్న కాగితం చూస్తే లెక్క తేలింది: స్క్రీన్ షేర్ అందుకోవడానికి 2, ఓటీపీ వేరేవాళ్ల ఫోన్‌కి వెళ్లడంతో ఇంకో 2, అక్కర్లేని మూడు స్క్రీన్లకు 3.

“అవి చూపిస్తేనే కదన్నా మన కష్టం తెలిసేది” అన్నాడు కుర్రాడు.

“వాళ్లకి మన కష్టంతో పనేంటి తమ్ముడూ? క్లెయిము ఎన్ని రోజుల్లో తేలుతుందో చూపించు చాలు” అన్నాను.

“పోనీ, వేగంగా చెప్పేస్తా” అన్నాడు. అందరూ అనే మాటే ఇది. ఒప్పుకోలేదు. వేగం పెంచితే యాస మీద యాస పడి అమెరికా వాళ్లకి సగం అర్థం కాదు. మూడు స్క్రీన్లూ తీసేయించాను. కాల్ మొదలయ్యే ముందే లాగిన్ అయి ఉండమన్నాను. నెట్ పోతే వేయడానికి రికార్డు చేసిన వీడియో కూడా ఒకటి దగ్గర పెట్టుకోమన్నాను.

రెండోసారి మొత్తం చెప్పించలేదు. ఒకరు ముగించే వాక్యం, తర్వాతివాళ్లు మొదలుపెట్టే వాక్యం, అంతే. “ఇప్పుడు మీరా, నేనా?” అని మొహాలు చూసుకునేది అక్కడే. అవతలి పెద్దాయన ఆలస్యంగా వచ్చి 45 నిమిషాలే మిగిలితే ఏం తీసేయాలో కూడా అప్పుడే రాసుకున్నాం. నా భాగం సగం పోతుంది, డెమో మాత్రం కదలదు.

రిహార్సల్‌కి తీరిక లేదనే మేనేజర్లు ప్రతిచోటా ఉంటారు. ఎంత పెద్దవారైనా సరే, గురువారం వాళ్లకి పరిచయ వాక్యాలు తప్ప ఇంకేమీ ఇవ్వకండి.