మాటల్లేని గడి

మా తమ్ముడు గీసిన మొదటి కామిక్ పేజీని ఇరవై సెకన్లలో చదివేశాను. "బాగుంది కానీ, కథేదిరా?" అన్నాను. వాడు ట్యాబ్ లాక్కుని లోపలికి వెళ్లిపోయాడు.

నేను నవలలు చదివి పెరిగినోణ్ని. బొమ్మంటే చందమామలోలాగా, పక్కన రాసిందాన్నే మళ్లీ చూపించేది అనుకునేవాణ్ని. అందుకే బెలూన్లలోని మాటలు మాత్రమే చదివాను. అవి రెండే రెండు!

సాయంత్రం బతిమాలితే, గోదావరిఖనిలో మా ఇంటి గడప మీద కూర్చోబెట్టి మళ్లీ చదివించాడు. మొత్తం ఐదు గడులు.

మొదటి దాంట్లో బాపు టిఫిన్ డబ్బాతో వాకిట్లో ఉన్నాడు. "జల్ది రా" అని ఒక బెలూన్. అది బాపు మాటే అనుకున్నాను. "తోక ఎటుందో చూడన్నా" అన్నాడు. తోక వంటింటి తలుపు వైపు ఉంది. అంటే అన్నది అమ్మ, బొమ్మలో లేకపోయినా.

రెండో గడిలో బాపు ల్యాంప్ రూమ్‌లో టోపీ లైటు తీసుకుంటున్నాడు. మూడోది పేజీ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నలుపు, అందులో చిన్న తెల్ల చుక్క. మాటల్లేవు కాబట్టి నేను దాటేశాను. నిజానికి అక్కడే ఆగాలి. గడి పెద్దదై, మాట లేకపోతే టైమ్ నెమ్మదిస్తుంది. నాలుగో గడిలో ల్యాంప్ రూమ్‌లో లైట్లన్నీ వరసగా వేలాడుతున్నాయి, ఒక్క కొక్కెం ఖాళీ. ఐదో గడిలో అమ్మ వాకిట్లో నిలబడింది. బెలూన్‌లో మూడు చుక్కలే.

గడికీ గడికీ మధ్య తెల్లజాగాని గటర్ అంటారు. మూడుకీ నాలుగుకీ మధ్య అది వేలెడంత కూడా లేదు, కానీ అందులో ఒక షిఫ్ట్ మొత్తం ఉంది. గటర్ వెడల్పు చూసి ఎంతసేపో చెప్పలేం; రెండు వైపులా బొమ్మల్లో ఏం మారిందో చూసి మనమే నింపుకోవాలి. అప్పుడు గుర్తొచ్చింది. నా టెన్త్‌లో ఒకరోజు బాపు రెండో షిఫ్టుకి కూడా ఆగిపోయాడు. కబురు రాలేదు. రాత్రి దాకా అమ్మ అలాగే నిలబడింది.

తర్వాత వాడు డ్రాగన్ బాల్ ఇచ్చాడు. అక్కడా బోల్తా పడ్డాను. జపాన్ మాంగాని కుడి నుంచి ఎడమకి చదవాలి, గడులనే కాదు, ఒక గడిలోని బెలూన్లని కూడా. ప్రశ్న కంటే ముందు జవాబొస్తోందంటే తప్పు వైపు నుంచి చదువుతున్నట్టే.

ఆ రాత్రి పేజీని బాపుకి చూపించాం. నల్ల గడి దగ్గర చాలాసేపు ఆగాడు.

"లైటు ఇంకింత పైకి ఉండాలె రా. ఇంత కింద ఉంటే మనిషి పడిపోయిండని అర్థం."

తమ్ముడు ఏమీ అనలేదు. చుక్కని కొంచెం పైకి జరిపాడు.