కారణం గడిలో ఏం రాయాలి

సెలవు దరఖాస్తులో కారణం రాసే గడి చాలా చిన్నది. 'సొంత పనులు' అని రాస్తే సరిగ్గా పడుతుంది. 'భార్య ఉద్యోగరీత్యా ఇంగ్లండ్ వెళ్తున్నందున, ఆమెతో ఉండి పాపను చూసుకునేందుకు' అని నేను రాసింది గడి దాటి మార్జిన్‌లోకి పోయింది.

నేను డోర్నకల్ దగ్గర ప్రభుత్వ బడిలో లెక్కల సార్‌ని. నా భార్య ఖమ్మంలో నర్సు. ఇంగ్లిష్ పరీక్ష, కంప్యూటర్ పరీక్ష రెండూ పాసై అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం తెచ్చుకుంది. అయితే దిగగానే పూర్తి నర్సు కాదు. ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష ఉంటుంది. చేరిన పన్నెండు వారాల్లోపు మొదటిసారి రాయాలి, ఎనిమిది నెలల్లోపు పాసవ్వాలి. పాసయ్యేదాకా జీతం కింది మెట్టులోనే. డ్యూటీ ఒక్కోసారి పన్నెండు గంటలు దాటుతుంది, అందులో రాత్రులూ ఉంటాయి. పాపకు మూడేళ్లు. నేను ఏడాది అడిగింది అందుకే. విదేశం చూసొద్దామని కాదు.

డోర్నకల్ జంక్షన్ ఊరు. మా నాన్న రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. కాజీపేట నుంచో బెజవాడ నుంచో బదిలీ మీద వచ్చినవాళ్ల వెనక భార్యాపిల్లలు పెట్టెలు సర్దుకుని రావడం క్వార్టర్స్‌లో ఏటా చూశాను. ఏ ఆడమనిషినీ ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. నన్ను మాత్రం స్టాఫ్‌రూమ్ నుంచి పాల కేంద్రం దాకా అందరూ అడిగారు. అడగడం కూడా ఒకే తీరు: "ఆమె పోతే నువ్వెందుకు సార్?"

ఆఫీసులో గుమస్తా సార్ అలా అడగలేదు. ఆయన బాధ వేరు. కాగితం చూసి, "మెడికల్ పెట్టండి సార్, ఇంక్రిమెంట్ మిగుల్తది" అన్నారు.

ఆయన లెక్క తప్పేం కాదు. జీతం లేని సెలవును అసాధారణ సెలవు అంటారు, ఆఫీసుల్లో ఇ.ఓ.ఎల్. అనారోగ్యం మీద తీసుకుంటే ఆ కాలం ఇంక్రిమెంట్‌కు లెక్కలోకి రావొచ్చు. భార్యతో వెళ్తానంటే రాదు. నా ఇంక్రిమెంట్ ఏటా అక్టోబరు 1న. జూలై 1 నుంచి జూన్ 30 దాకా సెలవైతే, అప్పటికి నా ఖాతాలో తొమ్మిది నెలల సర్వీసు ఉంటుంది. మధ్యలో వచ్చే అక్టోబరు ఖాళీగా పోతుంది. తిరిగొచ్చాక మిగిలిన మూడు నెలలు పూర్తి చేస్తే, ఆ పైయేటి అక్టోబరు 1న వస్తుంది. చూడ్డానికి పోయింది ఒక్క ఇంక్రిమెంటే. కానీ నాతో చేరినవాళ్లకంటే రిటైరయ్యేదాకా ఒక మెట్టు కిందే ఉంటాను. 2004 సెప్టెంబరు తర్వాత చేరినవాణ్ని కాబట్టి పాత పెన్షన్ లేదు. కాంట్రిబ్యూటరీ పెన్షన్ ఖాతాలో జీతం, డీఏ మీద నా పది శాతం, దానికి సమంగా సర్కారు వేసే వాటా, రెండూ ఆ పన్నెండు నెలలు ఆగిపోతాయి.

అయినా మెడికల్ పెట్టలేదు. నీతి సంగతి పక్కన పెడదాం. రోగమని సెలవు తీసుకున్నవాడి పాస్‌పోర్టు మీద ఎయిర్‌పోర్టు ముద్ర పడితే, ఎప్పుడో ఒక ఆకాశరామన్న ఉత్తరం చాలు.

దరఖాస్తులో తప్పకుండా ఉండాల్సిన వాక్యం ఇంకొకటి ఉంది. ఖాతాలో వేరే సెలవులుంటే ఆఫీసు ముందు వాటినే వాడమంటుంది. ఉన్నా సరే ఇ.ఓ.ఎల్. కావాలని రాతపూర్వకంగా అడిగితే ఇవ్వొచ్చని ఫండమెంటల్ రూల్ 85 చెబుతుంది. అందుకే 'అర్ధవేతన సెలవు నిల్వ ఉన్నప్పటికీ' అని మొదలుపెట్టి అడిగాను. ఆ నిల్వ వచ్చాక పనికొస్తుంది. రూల్ 67 కూడా తెలిసే రాశాను: సెలవు హక్కు కాదు, ఇవ్వకపోయినా ఎదురడగలేం.

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది మాత్రం రూల్ 69. నర్సు భర్తగా నాకొచ్చే వీసా మీద అక్కడ పని చేసుకోవచ్చు. ఇక్కడి రూలేమో సెలవులో ఉన్నవాడు ముందస్తు అనుమతి లేకుండా ఎక్కడా ఉద్యోగం చేయకూడదంటుంది. అక్కడున్న మా బామ్మర్ది, "వేర్‌హౌస్‌లో వారానికి రెండ్రోజులు చేయ్ బావా, ఎవడికి తెలుస్తది?" అన్నాడు. జీతం బ్యాంకులో పడుతుంది, పన్ను కట్ అవుతుంది. తెలియకుండా ఉండేందుకు అందులో ఏముంది? అంటే ఏడాదంతా ఆమె సంపాదన మీదే బతకాలి. బడ్జెట్ కూడా ఒక్క జీతంతోనే వేసుకున్నాం, అదీ కింది మెట్టు జీతంతో. ఆమె మొదట నవ్వి, తర్వాత నోట్‌బుక్ తీసి అద్దె, నర్సరీ, బస్సు అని రాయడం మొదలుపెట్టింది. నేను ఇంట్లో ఉంటాను కాబట్టి నర్సరీ మీద గీత కొట్టేసింది.

ఫైలు మండలం దాటి జిల్లాకు వెళ్లింది. విదేశం వెళ్లేందుకు అనుమతి వేరే అడగాలి, ఆ కాగితమూ జతచేశాను. ఆమె జూన్‌లో వెళ్తుంది. ప్రొసీడింగ్స్ చేతికొచ్చాకే పాప, నేను. రాకుండా విమానం ఎక్కితే అది అనధికార గైర్హాజరు. ఏడాది దాటితే రాజీనామా చేసినట్టే లెక్క.

నాన్న ఒక్కటే అడిగారు: "జూలై ఒకటికి వచ్చి చేరతవు గదా?" చేరతానన్నాను. ఆమె వీసా అంతకంటే చాలా పొడుగు. ఆ జూలై తర్వాత పాప ఎవరి దగ్గరుంటుందో ఇంకా మేం మాట్లాడుకోలేదు.