ముహూర్తానికి ముందు ముప్పావుగంట

నేను ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేశాను. రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పిన వారిని ఎందరినో చూశాను. అయినా నా కళ్ల ముందే మా బావగారికి చక్కెర పడిపోతూ ఉంటే, మొదటి పది నిమిషాలు నేను గుర్తించలేకపోయాను. గుర్తించింది మా అక్కయ్య. ఆవిడ చదివింది అయిదో తరగతి. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ పది నిమిషాలే.

అది మా మేనకోడలి పెళ్లి. మాఘమాసం, చలి ఇంకా పోలేదు. రాత్రి 10 గంటల 24 నిమిషాలకు ముహూర్తం. బావగారు కన్యాదాత కనుక కన్యాదానం అయ్యేవరకు ఉపవాసం. ఆయనకు పద్దెనిమిదేళ్లుగా మధుమేహం. రోజుకు రెండు పూటలా భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకుంటారు. రక్తపోటుకు మెటోప్రొలాల్ మాత్ర కూడా వాడతారు. ఆ రోజు సాయంత్రం ఏడున్నరకు అలవాటు ప్రకారం ఇంజెక్షన్ చేసుకున్నారు. భోజనం మాత్రం చేయలేదు. సూది మందు కనుక ఉపవాసానికి భంగం లేదని ఆయన లెక్క. కానీ ఇన్సులిన్‌కు ఉపవాసం సంగతి తెలియదు కదా! రాబోయే భోజనం కోసం వేసుకున్న మందు, ఆ భోజనం రాకపోయినా తన పని తాను చేసుకుపోతుంది.

తొమ్మిది దాటాక మండపం పక్కన బావగారి కేకలు వినిపించాయి. కొబ్బరిబొండాం ఎక్కడ పెట్టారని ఎవరినో నిలదీస్తున్నారు. బొండాం ఆయన చేతిలోనే ఉంది. పెళ్లికూతురి తండ్రికి ఆ మాత్రం కంగారు సహజమేననుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయాను. పది నిమిషాల తర్వాత అక్కయ్య వచ్చి నా చేయి పట్టుకుంది. “తమ్ముడూ, మీ బావగారు ఎన్నడూ ఒకరిని గట్టిగా అనరు. ఉత్తరీయం చూడు, పిండితే నీళ్లు కారేలా ఉంది. ఈ చలిలో ఏమిటా చెమట?” అంది.

ఆ రెండు మాటల్లోనే అసలు విషయమంతా ఉంది. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాములకంటే తగ్గినప్పుడు శరీరం అడ్రినలిన్‌ను విడుదల చేసి హెచ్చరిస్తుంది. చెమట, వణుకు, గుండెదడ, ఉన్నట్టుండి ఆకలి ఆ హెచ్చరికలే. అప్పుడు పట్టించుకోకుండా ఇంకా తగ్గనిస్తే, ముఖ్యంగా 54 దాటి కిందికి పోతే, మెదడుకు ఇంధనం చాలదు. అప్పుడు మాట తడబడుతుంది, చూపు రెండుగా కనిపిస్తుంది, మనిషి మొండిగానో కోపంగానో తయారవుతాడు. చూసేవారికి అది రోగంలా కనిపించదు, స్వభావంలా కనిపిస్తుంది. అదే ప్రమాదం. ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవారిలో మొదటి హెచ్చరికలు మొద్దుబారిపోతాయి. దానికి తోడు మెటోప్రొలాల్ వంటి మందులు గుండెదడను, వణుకును కప్పేస్తాయి. చెమటను మాత్రం కప్పలేవు. కనుక అలాంటివారి విషయంలో కారణం లేని చెమట, స్వభావానికి సరిపడని ప్రవర్తన కలిసి కనిపిస్తే ముందుగా చక్కెరనే అనుమానించాలి.

అక్కయ్య సంచిలోని గ్లూకోమీటరుతో చూస్తే 46 వచ్చింది. అప్పుడు సమయం 9 గంటల 18 నిమిషాలు. ఒకవేళ మీ దగ్గర మీటరు లేకపోతే దానికోసం వెతుకుతూ కాలం గడపవద్దు. లక్షణాలు చూసి చక్కెర ఇచ్చేయండి. అవసరం లేకుండా ఇచ్చిన మూడు చెంచాల చక్కెర వల్ల జరిగే నష్టం స్వల్పం. అవసరమైనప్పుడు ఇవ్వకపోతే జరిగే నష్టం అలాంటిది కాదు.

“నాకేం కాలేదయ్యా, ముహూర్తం దాటిపోతోంది, తప్పుకో” అని బావగారు నన్ను తోసేశారు. ఈ తిరస్కారం కూడా లక్షణంలో భాగమే కనుక వాదించకూడదు. పురోహితుడుగారిని పిలిచి సంగతి చెప్పాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “ఔషధానికి దోషం లేదండీ, పుచ్చుకోండి” అన్నారు. బావగారు నా మాట వినలేదుగానీ ఆయన మాట విన్నారు.

ఇంతలో ఎవరో పళ్లెంలో లడ్డూ తెచ్చారు. అందులోనూ చక్కెర ఉంది కదా అని మీరూ అడగవచ్చు. ఉంది, కానీ నేతితో కలిసి ఉంది. కొవ్వు కడుపులో ఆహారాన్ని నెమ్మదింపజేస్తుంది. చక్కెర కడుపు దాటి చిన్నప్రేగులోకి చేరితేగాని రక్తంలో కలవదు. చాక్లెట్లకూ, ఐస్‌క్రీముకూ ఇదే వర్తిస్తుంది. మనకు కావలసింది అడ్డులేకుండా వెంటనే కలిసే చక్కెర, అదీ 15 గ్రాములు. వంటింటి లెక్కలో చెప్పాలంటే చిన్న చెంచాతో నిండుగా తీసిన మూడు చెంచాల పంచదార, అరగ్లాసు నీళ్లలో కలిపి. లేదా అంతే గ్లూకోజు పొడి. లేదా అరకప్పు పండ్లరసం, అంటే సుమారు 120 మిల్లీలీటర్లు. లేదా 150 మిల్లీలీటర్ల మామూలు కూల్‌డ్రింకు. ‘డైట్’ అని రాసి ఉన్న కూల్‌డ్రింకులో చక్కెర ఉండదు, అది పనికిరాదు.

9 గంటల 20 నిమిషాలకు పంచదార నీళ్లు తాగించాను. అసలు పరీక్ష ఆ తర్వాత మొదలైంది. అయిదు నిమిషాలకే బంధువులంతా “ఇంకా చెమట తగ్గలేదు, ఇంకో గ్లాసు ఇవ్వండి” అని నన్ను చుట్టుముట్టారు. ఇచ్చిన చక్కెర రక్తంలోకి చేరి, అక్కడినుంచి మెదడుకు అంది, మనిషి తేరుకోవడానికి సుమారు పదిహేను నిమిషాలు పడుతుంది. ఈలోగా లక్షణాలు ఉంటాయి. భయంతో గ్లాసు మీద గ్లాసు తాగిస్తే గంట తర్వాత చక్కెర మూడువందలు దాటవచ్చు. పెద్దమనిషి ఒంట్లోని అయిదు లీటర్ల రక్తంలో మొత్తం కలిపి ఒక సమయంలో ఉండే చక్కెర సుమారు అయిదు గ్రాములే. అంటే ఒక చిన్న చెంచాడు. అందుకే పదిహేను గ్రాములు తక్కువేమీ కాదు. గడియారం చూస్తూ కూర్చోవడం కూడా ఈ చికిత్సలో భాగమే.

9 గంటల 35 నిమిషాలకు మళ్లీ వేలు గుచ్చి చూస్తే మీటరు 231 చూపించింది. అందరూ హమ్మయ్య అన్నారు. నాకు మాత్రం నమ్మకం కలగలేదు. మనిషి ఇంకా అయోమయంగానే ఉన్నారు, పైగా 15 గ్రాములకు చక్కెర అంత ఎగబాకదు. అప్పుడు గమనించాను. గ్లాసు పట్టుకున్నప్పుడు ఒలికిన పంచదార నీళ్లు ఆయన వేళ్లకు అంటుకుని ఉన్నాయి. మీటరు కొలిచింది రక్తాన్నీ, వేలిమీది పంచదారనూ కలిపి. సబ్బుతో చేయి కడిగించి, తుడిచి, వేరే వేలు గుచ్చితే వచ్చింది 58. ఆ మొదటి అంకెను నమ్మి ఉంటే మేము అక్కడితో ఆగిపోయేవాళ్లం. చక్కెర ఇచ్చిన తర్వాత చేసే పరీక్షకు ముందు చేయి కడుక్కోవడం తప్పనిసరి.

మామూలుగా 15 గ్రాములకు 40 వరకు పెరగవచ్చు. ఇక్కడ 12 మాత్రమే పెరగడానికి కారణం, ఏడున్నరకు వేసుకున్న ఇన్సులిన్ ఒకవైపు పనిచేస్తూనే ఉండడం. ఇటువంటప్పుడు నియమం స్పష్టం. 70 కంటే తక్కువ ఉంటే మళ్లీ 15 గ్రాములు, మళ్లీ 15 నిమిషాలు. 9 గంటల 37 నిమిషాలకు రెండోసారి ఇచ్చాం. 9 గంటల 52 నిమిషాలకు 97. అప్పటికి చెమట ఆరింది. బావగారు నన్ను చూసి, “కొబ్బరిబొండాం దొరికిందా?” అని మెల్లగా అడిగారు.

పని అక్కడితో అయిపోలేదు. పంచదార ఇచ్చిన బలం గంటకు మించి ఉండదు, ఆయన ఇన్సులిన్ మాత్రం తెల్లవారుజాము వరకు పనిచేస్తుంది. మధ్యలో మళ్లీ పడిపోకుండా ఉండాలంటే కడుపులో నిలిచే ఆహారం పడాలి. భోజనానికి గంటకు పైగా సమయం ఉంటే చిరుతిండి ఏదైనా తినాలి. పురోహితుడుగారి అనుమతితోనే రెండు అరటిపండ్లు, గ్లాసు పాలు ఇచ్చాం. ముహూర్తం సమయానికి కన్యాదానం సక్రమంగా జరిగింది. భోజనం అయ్యాక, తిరిగి రాత్రి మూడు గంటలకు లేపి చూస్తే 138 ఉంది. అప్పుడు నేను పడుకున్నాను.

మీరు గుర్తుంచుకోవలసిన మినహాయింపులు మూడున్నాయి. మొదటిది, వోగ్లిబోస్ లేదా అకార్బోస్ మాత్రలు వాడేవారికి సంబంధించింది. మనం తినే పంచదార ప్రేగులో విడిపోయి గ్లూకోజుగా మారితేనే రక్తంలోకి వెళుతుంది. ఈ మందులు ఆ విడిపోవడాన్నే అడ్డుకుంటాయి. కనుక వారికి పంచదార వెంటనే పనిచేయదు, గ్లూకోజు పొడే ఇవ్వాలి. ఈరోజే మీ మందుల చీటీ తీసి ఆ పేర్లు ఉన్నాయేమో చూడండి. రెండు మూడు మందులు కలిపిన మాత్రల్లో కూడా వోగ్లిబోస్ ఉంటుంది.

రెండవది, చక్కెర పడిపోవడానికి గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు కారణమైతే, ముఖ్యంగా వృద్ధులలో, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో, ఒకసారి సరిచేసినా గంటల తర్వాత మళ్లీ మళ్లీ పడిపోవచ్చు. మనిషి తేరుకున్నాడని ఇంట్లో పడుకోబెట్టవద్దు. ఆసుపత్రిలో ఒక రోజు పరిశీలనలో ఉంచడం అవసరం.

మూడవది, స్పృహ లేనివారికి, మింగలేనివారికి, మూర్ఛ వచ్చినవారికి పదిహేను సూత్రం వర్తించదు. నోట్లో పంచదార నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. వైద్యుడు ముందే సూచించి గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇంట్లో ఉంచితే కండకు చేయండి. ఆసుపత్రిలో నరంలోకి గ్లూకోజు ఎక్కిస్తారు. రెండుసార్లు 15 గ్రాములు ఇచ్చాక కూడా చక్కెర 70 దాటకపోతే, మనిషి స్పృహలో ఉన్నా సరే, మూడోసారి ఇస్తూనే ఆసుపత్రికి బయలుదేరండి.

ఇప్పుడు బావగారి జేబులో గ్లూకోజు పొడి పొట్లాలు ఎప్పుడూ ఉంటాయి, అక్కయ్యే ఒక్కొక్కటి మూడు చెంచాల లెక్కన కొలిచి కడుతుంది. ఉపవాసం ఉన్న రోజు ఇన్సులిన్ ఎంత, ఎప్పుడు అన్నది ముందురోజే తన వైద్యుణ్ణి అడిగి రాసుకుంటున్నారు. ఆయన రెండో అమ్మాయి పెళ్లికి నేను మళ్లీ అదే మండపంలో ఉన్నాను. ఆ రాత్రి బావగారు నిజంగానే ఒకరిమీద కోపగించుకున్నారు. నేను దగ్గరకు వెళ్లి ముందు ఆయన నుదుటి మీద చేయి పెట్టి చూశాను. పొడిగా ఉంది. అప్పుడు నవ్వుకున్నాను.