నూలు బాకీకి గడువు అడిగిన రోజు

నేను సోలాపూర్‌లో మిల్లు మగ్గం మీద ఇరవై ఏండ్లు పని చేసిన. మిల్లు మూతబడ్డాక కిరాయి షెడ్డులో నాలుగు పవర్‌లూములు పెట్టుకొని తువ్వాళ్లు నేయించిన. ఇప్పుడు మగ్గాలు కొడుకు చూసుకుంటున్నడు. మన పేటల్లో ఇంకా చాలామంది అదే పని చేస్తున్నరు కాబట్టి నాకు తెలిసిన ఒక సంగతి చెప్తున్న.

అది 2018. నూలు సేటుకు 30 రోజుల్లో డబ్బు కట్టాలి. తువ్వాళ్లు కొనే వ్యాపారి మాత్రం బిల్లు అయిన 60 రోజులకు ఇస్తడు. నూలు వచ్చినంక బీము పట్టి, నేసి, అంచులు కుట్టి, మూటలు కట్టేసరికి 15 రోజులు. అంటే నూలు దింపిన దినం నుంచి 75వ రోజుకు గానీ నా చేతికి పైస రాదు. మధ్యల 45 రోజుల ఖాళీ. ఆ ఖాళీని నేను అబద్ధాలతో నింపేవాణ్ణి. “రేపు వస్తది సేట్, ఎల్లుండి వస్తది సేట్” అని. ఒకసారి ఆయన నూలు ఆపిండు. మగ్గాలు నిలబడ్డయి. నా భార్య మెడలోని గొలుసు 70,000కు గిరవి పెట్టి బాకీ కట్టిన. నెలకు రూపాయిన్నర కాదు, రెండు రూపాయల వడ్డీ. 45 రోజులకు 2,100 పోయింది. ఆమె ఏమీ అనలేదు, బీడీలు చుట్టుకుంట కూసుంది. అది నాకు ఇంకా బాధ అయింది.

గొలుసు విడిపించిన తెల్లారే లెక్క పుస్తకం పట్టుకొని సేటు దుకాణానికి పోయిన. పొద్దుగాల గిరాకి లేని టైము చూసి పోయిన. ఆయన నా కంటే చిన్నోడు, నన్ను కాకా అంటడు.

“సేట్, ఇన్ని రోజులు రేపు రేపు అన్న మాట అబద్ధం. అసలు సంగతి ఇది” అని పుస్తకం తెరిచి పెట్టిన. నూలు దిగిన తేదీ, మాల్ పోయిన తేదీ, వ్యాపారి డబ్బు ఇచ్చిన తేదీ, మూడు ఆర్డర్లవి చూపించిన. కష్టాలు చెప్పలేదు. తేదీలే చెప్పిన.

ఆయన చూసి, “నిజమే కాకా. కానీ నేను మిల్లుకు తొందరగా కట్టాలె. నీ 45 రోజుల వడ్డీ నేనెందుకు మొయ్యాలె?” అన్నడు. న్యాయమైన మాట. అందుకే ఉత్త చేతులతో పోలేదు.

నా మాట ఇట్ల చెప్పిన. ఒక్కసారికి పది బస్తాలు, 500 కిలోలు. కిలో 200 లెక్కన లక్ష, జీఎస్టీ 5,000. నూలు దింపిన రోజే జీఎస్టీతో కలిపి 30,000 ఇస్త. మిగిలిన 75,000కు 75 రోజులు కావాలి. అందుల 60 రోజులు దాటినంక రోజులకు నెలకు నూటికి రూపాయిన్నర వడ్డీ ఇస్త. నా నూలంతా మీ దగ్గరనే కొంట, ఏది ఎంత కావాల్నో పదిహేను రోజుల ముందే చెప్త, టెంపో కిరాయి నాది. పాత బాకీ కట్టక ముందు కొత్త నూలు అడగను.

ఆఖరి మాటకు ఆయన తల ఎత్తిండు. ఆయన భయం వడ్డీ గురించి కాదు, బాకీ మీద బాకీ పెరుగుడు గురించి. అది నాకు అప్పుడే తెలిసింది.

“అయితే 60వ రోజుకు మొత్తానికి చెక్కు ఇయ్యి” అన్నడు. ఆ తేదీకి నా ఖాతాల డబ్బు ఉండదని తెలుసు. చెక్కు తిరిగొస్తే కేసు, ఆ మీద నమ్మకం పోతది. అందుకే “ఆ తేదీకి రాయలేను సేట్, 75వ రోజుకు రాస్త” అన్న. కొంచెం సేపు ఊరుకొని ఒప్పుకున్నడు. మూడు ఆర్డర్ల వరకే, తర్వాత మళ్ల చూద్దామన్నడు. ఒక కాగితం మీద రాసి ఇద్దరం సంతకం చేసి చెరొకటి పెట్టుకున్నం.

ఆ 15 రోజులకు వడ్డీ ఎంతైంది? 75,000 మీద సుమారు 562 రూపాయలు. గిరవి వడ్డీతో పోల్చి చూడండి.

రెండో ఆర్డర్ల వ్యాపారి పది రోజులు ఆలస్యం చేసిండు. నాకు 65వ రోజుకే తెలిసింది. అప్పుడే సేటు దగ్గరికి పోయి సంగతి చెప్పి, చేతిల ఉన్న 20,000 ఇచ్చి, చెక్కు బ్యాంకుల వెయ్యకుండ పది రోజులు ఆగమన్న. తేదీ దాటినంక పోతే ఆగేవాడు కాదు. ముందే పోయిన కాబట్టి ఆగిండు. ఆ పది రోజుల వడ్డీ కూడ లెక్కగట్టి ఇచ్చిన.

అట్లని ఈ పద్ధతి అన్నిటికీ నడవదు. తువ్వాళ్లే అమ్ముడుపోకపోతే గడువు పెంచుకుంటే బాకీనే పెరుగుతది. డబ్బు రావాల్సి ఉండి ఆలస్యమైతేనే గడువు అడగాలి. డబ్బు వచ్చే దారే లేకుంటే మగ్గం ఆపుడే మంచిది.

ఆ తర్వాత గొలుసు మళ్ల గిరవికి పోలేదు.