జాబ్ అడగలేదు, పదిహేను నిమిషాలు అడిగినాం

పోయిన వారం ఒక తమ్ముడు 'సీనియర్‌కి మెసేజ్ పెడితే జవాబే రాలేదు' అని బాధపడినాడు. మాకూ అట్లే అయింది, అందుకే రాస్తున్నాం.

మేం ముగ్గురం. ఆళ్లగడ్డ పక్క తండాల నుంచి వచ్చి నంద్యాల హాస్టల్లో ఉండి డిగ్రీ చదివినోళ్లం. అదే హాస్టల్లో చదివిన ఒక అన్న ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాడు. నంబరు దొరికిన రాత్రే వాట్సాప్‌లో చాంతాడంత మెసేజ్ పెట్టినాం. ఇంటి కష్టాలు, మార్కులు, మూడు రెజ్యూమేలు, చివర్లో 'ఎట్లైనా ఒక జాబ్ చూడన్నా'. నీలం టిక్కులు పడినాయి, జవాబు లేదు. పది రోజులు ఆయన్ని తిట్టుకున్నాం కూడా.

ఆళ్లగడ్డ బస్టాండులో కలిసిన మా సీనియర్ అక్క మెసేజ్ చదివి నవ్వింది. "జాబ్ ఆయన చేతిలో లేదు. లేదని చెప్పడానికి మొహమాటం, అందుకే గమ్మునున్నాడు. ఆయన చేతిలో ఉన్నది అడగండి" అనింది. అక్కడే కూర్చొని మళ్లీ రాసినాం, ఈసారి ఒక్కడి పేరు మీదే:

"అన్నా నమస్తే. మాది ఆళ్లగడ్డ వైపు. మీరున్న నంద్యాల హాస్టల్లోనే ఉండి ఈ ఏడు బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసినా. ముందు మెసేజ్‌తో ఇబ్బంది పెట్టింటే క్షమించండి. మీరు టెస్టింగ్‌లోకి ఎట్లా వచ్చినారో, మీ కంపెనీలో ఫ్రెషర్లకు ఏం పని ఇస్తారో తెలుసుకోవాలని ఉంది. ఆదివారం గానీ, మీకు వీలైనప్పుడు గానీ 15 నిమిషాలు ఫోన్లో మాట్లాడతారా? కుదరకపోతే పర్లేదన్నా."

రెజ్యూమే పెట్టలేదు. అది పెడితే మళ్లీ జాబ్ అడిగినట్టే. మర్నాడే 'ఆదివారం పదికి చేయి' అని వచ్చింది.

అసలు భయం వేరే ఉండె. ఒక శిక్షణ సంస్థ వాళ్లు 40,000 కడితే అదే కంపెనీలో జాబ్ గ్యారంటీ అన్నారు. మాలో ఒకడి అమ్మ కమ్మలు కుదువ పెట్టడానికి సిద్ధమైంది. కాగితం మీద రాసుకున్న మొదటి ప్రశ్న అదే. "మా కంపెనీ ఎవరి దగ్గరా రూపాయి తీసుకోదు. ఒక టెస్టు, రెండు ఇంటర్వ్యూలు, అంతే" అన్నాడన్న. ఒకే ఆఫీసులో కొందరు కాంట్రాక్టు ఏజెన్సీ జీతం మీద ఉంటారట, ఆఫర్ లెటర్ మీద ఎవరి పేరుందో చూసుకోమన్నాడు. ఖాళీ పడినప్పుడే రిఫర్ చేయగలనని, దాంతో రెజ్యూమే వాళ్ల కంట పడుతుందే గానీ జాబ్ ఖాయం కాదని కూడా చెప్పినాడు.

పదిహేను నిమిషాలు కాగానే "టైం అయిందన్నా" అన్నాం. "పర్లేదు, అడగండి" అని ఇంకో ఇరవై నిమిషాలు మాట్లాడినాడు. ఆ రాత్రే థాంక్స్ మెసేజ్ పెట్టినాం. ఎస్‌క్యూఎల్ నేర్చుకోమన్నాడు కదా, నెల తర్వాత ఎంతవరకు వచ్చిందో మళ్లీ రాసినాం.

జాబ్ ఇంకా రాలేదు. కమ్మలు మాత్రం అమ్మ చెవులకే ఉన్నాయి. జవాబు రాని తమ్ముడూ, నీ మెసేజ్ ఇక్కడ పెట్టు, కలిసి తిరగరాద్దాం.