లింకు చేతులు మారితే

ఇంట్లో జరిగిన వేడుక వీడియోను యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు, దాన్ని ఎవరు చూడవచ్చో తేల్చుకోమని మూడు దారులు చూపిస్తుంది: పబ్లిక్, అన్‌లిస్టెడ్, ప్రైవేట్. పబ్లిక్ సంగతి ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. చిక్కంతా మిగతా రెండింటి దగ్గరే. అన్‌లిస్టెడ్ అంటే ప్రైవేట్‌నే కొంచెం సడలించి ఇచ్చారని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పబ్లిక్‌కే దగ్గరి చుట్టం.

అన్‌లిస్టెడ్ వీడియో యూట్యూబ్‌లో వెతికితే దొరకదు, చానల్ పేజీలోని వీడియోల వరుసలో కనిపించదు, సబ్‌స్క్రైబర్లకు కబురు వెళ్లదు. కాని లింకు చేతిలో ఉన్నవాళ్లు ఎవరైనా చూడవచ్చు, ఇంకొకరికి పంపవచ్చు. వాళ్లకు గూగుల్ ఖాతా కూడా అక్కర్లేదు. ప్రైవేట్ వీడియోకు లింకు ఒక్కటే చాలదు. అక్కడ యూట్యూబ్ చూసేది వచ్చినవారి గూగుల్ ఖాతాను. వీడియో పెట్టినవారు ఏ ఈమెయిళ్లు చేర్చారో ఆ ఖాతాలకే వీడియో తెరుచుకుంటుంది. ఒకటి తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే వారికి తెరుచుకునే గది, రెండోది గుమ్మం దగ్గర మనిషిని గుర్తుపట్టి లోపలికి పంపే గది.

అన్‌లిస్టెడ్ వీడియోను కాపాడేది దాని లింకులోని అక్షరాల గజిబిజి ఒక్కటే. `youtu.be/` తర్వాత వచ్చే ఆ 11 అక్షరాలను ఊహించి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. ఊహకు మరింత అందకుండా ఉండాలని 2017లో ఆ లింకులు తయారయ్యే పద్ధతిని యూట్యూబ్ మార్చింది. అంతకుముందు ఎక్కించిన అన్‌లిస్టెడ్ వీడియోలను, వద్దని చెప్పుకున్నవారివి మినహాయించి, 2021 జులైలో ప్రైవేట్‌లోకి మార్చేసింది. అయితే ఇంటి వీడియోలు బయటపడేది ఎవరో లింకు ఊహించడం వల్ల కాదు. మనవాళ్లే ఫార్వర్డ్ చేయడం వల్ల.

తెనాలిలో ఒక అమ్మాయికి ఓణీల ఫంక్షన్ జరిగిందనుకుందాం. వీడియోగ్రాఫర్ 40 నిమిషాల వీడియో ఇచ్చాడు. మేనమామలు డాలస్‌లో ఉన్నారు, పెద్దమ్మ హైదరాబాద్‌లో ఉంది, అమ్మమ్మకు ఊళ్లో ఫోన్‌లోనే చూపించాలి. వీళ్లు కాక అరవై మంది బంధువుల వాట్సాప్ గ్రూపు ఉంది. ఏ దారి పట్టాలో తేల్చే ముందు వీడియోను ఒకసారి పరాయి కంటితో చూడాలి. వేదిక వెనక ఫ్లెక్సీ మీద అమ్మాయి పేరు, తేదీ, ఫంక్షన్ హాలు పేరు ఉన్నాయి. మొదట్లో శుభలేఖను దగ్గరగా చూపించారు. అందులో ఇంటి చిరునామా, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు చక్కగా చదువుకునేలా ఉన్నాయి. చిన్ననాటి ఫొటోల వరుసలో స్కూలు యూనిఫాం, దాని మీద స్కూలు బ్యాడ్జీ. ఇవన్నీ కలిపితే ఆ పిల్ల ఎవరు, ఎక్కడ ఉంటుంది, ఎక్కడ చదువుతుంది అన్నది ముక్కూమొహం తెలియనివాళ్లకూ తెలిసిపోతుంది.

ఇలాంటప్పుడు ఒకే వీడియోతో అందరినీ తృప్తిపరచాలని చూడకపోవడం మంచిది. 40 నిమిషాల పూర్తి వీడియోను దగ్గరివాళ్లకు ప్రైవేట్‌గా ఉంచి, శుభలేఖ, ఫ్లెక్సీ, స్కూలు ఫొటోలు లేని నాలుగు నిమిషాల ముక్కను గ్రూపుకు అన్‌లిస్టెడ్‌గా పంపవచ్చు. ఆ ముక్క చేతులు మారినా పోయేది తక్కువ. ఫ్లెక్సీని కత్తిరించడం కుదరని చోట యూట్యూబ్ స్టూడియోలోని ఎడిటర్‌తో ఆ భాగాన్ని మసకబార్చవచ్చు. అలా మార్చినా లింకు మారదు.

ఎక్కించేటప్పుడు ఏ వీడియోనైనా ముందు ప్రైవేట్‌లోనే పెట్టాలి. తొందరలో పబ్లిక్ నొక్కితే సబ్‌స్క్రైబర్లకు కబురు వెళ్లిపోవచ్చు, మరుక్షణం మార్చినా వెళ్లిన కబురు వెనక్కి రాదు. ప్రైవేట్‌గా ఉండగానే పాటల సంగతీ తేలుతుంది. ఫంక్షన్ వీడియోల్లో సినిమా పాటలు వేయడం మామూలే. కాపీరైట్ పాటలను గుర్తుపట్టే యూట్యూబ్ వ్యవస్థ అన్‌లిస్టెడ్, ప్రైవేట్ వీడియోలనూ వదలదు. అందరికీ పంపాక వీడియో ఆగిపోవడం కన్నా ముందే తెలుసుకోవడం మేలు.

ప్రైవేట్ వీడియోకు మనుషులను చేర్చడానికి స్టూడియోలో వీడియో పక్కన ఉన్న `Visibility` దగ్గర `Private` ఎంచుకుని, `Share privately` నొక్కి ఈమెయిళ్లు రాయాలి. ఎక్కువ ఇబ్బంది వచ్చేది ఇక్కడే. డాలస్ మామయ్యకు వీడియో తెరుచుకుంటుంది, ఊళ్లో అమ్మమ్మకు మాత్రం ఇది ప్రైవేట్ వీడియో అన్న మాట తప్ప ఏమీ రాదు. లింకులో లోపం ఉండదు. ఆమె ఫోన్ మనవడు వాడి ఇచ్చిన పాత ఫోను, అందులో యూట్యూబ్ ఇంకా మనవడి ఖాతాతోనే నడుస్తోంది. యాప్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కితే ఏ ఖాతా ఉందో తెలుస్తుంది. ఆ ఖాతా ఈమెయిల్‌ను చేర్చితే సరిపోతుంది. ప్రైవేట్ వీడియో కింద కామెంట్లు ఉండవు కాబట్టి ఆశీస్సులు ఫోన్‌లోనో గ్రూపులోనో అందాలి.

అన్‌లిస్టెడ్ ముక్కకు వచ్చే ప్రమాదం ఇంకో రకం. బంధువుల్లో ఒకరు ముచ్చటపడి దాన్ని తన పబ్లిక్ ప్లేలిస్టులో చేర్చారంటే అది వెతుకులాటలో దొరికే వీలు ఏర్పడుతుంది. తప్పు చేశామని ఆ చేర్చినవారికి తెలియను కూడా తెలియదు. దీన్ని కనిపెట్టడానికి స్టూడియోలోని అనలిటిక్స్ పనికొస్తుంది. వీక్షణలు ఎక్కడి నుంచి వచ్చాయో అక్కడ ఉంటుంది. వాట్సాప్ లాంటి చోట్ల నుంచి, లేదా నేరుగా లింకు నుంచి వచ్చినవే అయితే ఫర్వాలేదు. ప్లేలిస్టుల నుంచో, యూట్యూబ్ వెతుకులాట నుంచో వచ్చినవి కనిపిస్తే వీడియో గ్రూపు దాటిందన్నమాట. అరవై మంది గ్రూపులో వీక్షణలు వేలల్లోకి వెళ్లినా అదే అనుమానం.

అప్పుడు చేయవలసింది వెంటనే ప్రైవేట్‌లోకి మార్చడం. బయట తిరుగుతున్న లింకు అక్కడికక్కడే పనిచేయడం మానేస్తుంది. కాని కొన్నాళ్లాగి మళ్లీ అన్‌లిస్టెడ్ చేస్తే అదే పాత లింకుకు ప్రాణం వస్తుంది. వీడియోను అలాగే ఉంచి లింకు ఒక్కదాన్ని మార్చే వీలు యూట్యూబ్‌లో లేదు. కొత్త లింకు కావాలంటే పాతది తీసేసి వీడియోను మళ్లీ ఎక్కించాల్సిందే.

పెట్టిన ఎంపిక సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి లింకును బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీలో, ఏ ఖాతాతోనూ లాగిన్ కాకుండా తెరవాలి. ప్రైవేట్ వీడియో అక్కడ రాకూడదు, అన్‌లిస్టెడ్ వీడియో వస్తుంది. పెట్టినవారి ఫోన్‌లో మాత్రం మూడు రకాలూ ఒకేలా ఆడతాయి కాబట్టి ఆ ఫోన్‌లో చూసి నమ్మకూడదు.

ఇంత చేసినా ఒక హద్దు మిగిలే ఉంటుంది. ఏ ఎంపికైనా వీడియో ఎవరికి తెరుచుకోవాలో చెప్పగలదు గాని, తెరిచి చూసినవారు ఫోన్‌లో స్క్రీన్ రికార్డు చేసుకుంటే ఆపలేదు. అలా తీసుకున్న కాపీ మీద అసలు వీడియో పెట్టినవారి మీటలేవీ పనిచేయవు. అందుకే పిల్లల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉన్న దృశ్యాలను వీడియో ఎక్కించక ముందే తీసేయాలి.